ఓటీపీకి రెండు నిమిషాలా? చర్ల దాకా వచ్చి చూడండి

మొన్న సంక్రాంతికి మా మామయ్య వాళ్ల ఊరు వెళ్లా. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా చర్ల వెళ్లే దారిలో, రోడ్డు దిగి అడవి వైపు కొంచెం లోపలికి ఉంటుంది. ధాన్యం డబ్బులు పడ్డాయో లేదో చూడమని మామయ్య అడిగారు. కూలీలకు ఇవ్వాల్సి ఉంది. సింపుల్ పని కదా, బ్యాంకు యాప్ వేసి చూద్దాం అనుకున్నా. ఏ బ్యాంకో చెప్పను, ఎందుకంటే ఈ సమస్య ఒక్క బ్యాంకుది కాదు.

సెటప్ ఇదీ. మామయ్య నంబర్ ఆయన కీప్యాడ్ ఫోన్‌లో ఉంది. యాప్ నా ఫోన్‌లో ఉంది. నా సిమ్‌కి ఇంటి అరుగు మీద డేటా వస్తుంది. మామయ్య సిమ్ వేరే కంపెనీది, దానికి సిగ్నల్ కావాలంటే చెరువు గట్టు ఎక్కాలి.

10:02కి నంబర్ కొట్టి ఓటీపీ అడిగా. స్క్రీన్ మీద రెండు నిమిషాల టైమర్ మొదలైంది. మా బామ్మర్ది కీప్యాడ్ ఫోన్ పట్టుకుని గట్టుకి పరిగెత్తాడు. 10:03కి "మళ్లీ పంపు" బటన్ వెలిగింది, ఆగలేక నొక్కేశా. వాడు గట్టు ఎక్కి, ఫోన్‌కి సిగ్నల్ అందేసరికి 10:07. రెండు మెసేజ్‌లు వచ్చాయి. రెండూ ఒకేలా ఉన్నాయి, అంకెలే తేడా. వాడు నాకు ఫోన్ చేసి పైనున్నది చదివాడు. కొట్టా. "తప్పు ఓటీపీ" అంది. సరిగ్గా వినలేదేమో అని మళ్లీ కొట్టా. తప్పు. రెండో మెసేజ్ చదవమని అదీ కొట్టా. "ప్రయత్నాలు అయిపోయాయి, 24 గంటల తర్వాత రండి."

"ఏందిరా అల్లుడూ, వచ్చిన నంబరే కొట్టినావు గదా, తప్పంటదేంది?" అన్నారు మామయ్య. నా దగ్గర సమాధానం ఉంది, కానీ చెప్పడానికి సిగ్గేసింది. మా ఆఫీసులో లాగిన్ కోడ్ రాసింది నేనే. అందులో ఓటీపీ గడువు 120 సెకన్లు. ఎందుకు 120 అంటే, వేరే యాప్‌లో చూసి పెట్టా. అంతే.

ఇప్పుడు ఆ ఐదు నిమిషాల్లో లోపల ఏం జరిగిందో చూద్దాం. ఎస్ఎంఎస్ నేరుగా ఫోన్‌కి రాదు. ముందు మెసేజ్ సెంటర్‌లో ఆగుతుంది. ఫోన్ అందకపోతే అక్కడే ఉంటుంది, "ఈ నంబర్‌కి మెసేజ్ వెయిటింగ్" అని నెట్‌వర్క్ రిజిస్టర్‌లో గుర్తు పడుతుంది. ఫోన్ మళ్లీ టవర్‌కి తగలగానే ఆ గుర్తు చూసి సెంటర్ మళ్లీ పంపుతుంది. అంటే లేటుగా రావడం ఎస్ఎంఎస్‌లో లోపం కాదు, దాన్ని తయారుచేసిందే అలా. పైగా రెండు మెసేజ్‌లు ఏ వరుసలో వస్తాయో గ్యారంటీ లేదు. కానీ మన సర్వర్‌లో గడియారం కోడ్ పుట్టిన క్షణం నుంచే నడుస్తుంది. ఫోన్‌కి చేరిందో లేదో దానికి పట్టదు.

ఇది మా మామయ్య ఒక్కడి గోల కాదు. 2021 ఫిబ్రవరిలో కరోనా వల్ల తెలంగాణలో రేషన్‌కి వేలిముద్ర బదులు ఐరిస్ లేదా ఓటీపీ పెట్టినప్పుడు, ఆధార్‌కి లింకైన ఫోన్ రేషన్ షాపులో చేతిలో ఉండాల్సి వచ్చింది. అదే ఏడాది వ్యాక్సిన్ కోసం కోవిన్‌లో లాగిన్ అయినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ ఓటీపీ గడువు 3 నిమిషాలు. ఆధార్ ఓటీపీకి మాత్రం 10 నిమిషాలు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ గైడ్‌లైన్స్‌లో కూడా ఇలా ఫోన్‌కి పంపే కోడ్‌కి పై హద్దు 10 నిమిషాలే. మరి రెండు నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

"గడువు తగ్గిస్తే సేఫ్ కదా బ్రో" అంటారు. లెక్క వేద్దాం. ఆరు అంకెల కోడ్ అంటే 10 లక్షల అవకాశాలు. ప్రయత్నాల పరిమితి లేదనుకోండి, హ్యాకర్ స్క్రిప్ట్ సెకనుకి 100 కోడ్‌లు కొడుతుంది అనుకోండి. రెండు నిమిషాల్లో 12,000 కొడతాడు, అంటే 1.2 శాతం ఛాన్స్. చిన్న గడువు కాపాడలేదు. ఇప్పుడు గడువు 10 నిమిషాలు చేసి, ప్రయత్నాలు 5కి కట్టేయండి. ఛాన్స్ 10 లక్షల్లో 5. అంటే తాళం వేసేది ప్రయత్నాల లిమిట్, గడియారం కాదు. ఫోన్ చేసి మాయమాటలతో ఓటీపీ చెప్పించుకునే మోసగాడికైతే రెండు నిమిషాలు కూడా ఎక్కువే. గడువు పని వేరే: పాత కోడ్ ఇన్‌బాక్స్‌లో పడి ఉండి, రేపెప్పుడో ఎవరి చేతికో చిక్కినా పనికిరాకుండా చేయడం. దానికి 10 నిమిషాలు చాలు.

కానీ ఆ లిమిట్‌ని ఎక్కడ కట్టాలో చాలామంది తప్పు చేస్తారు (నేను కూడా). కౌంటర్‌ని కోడ్‌కి కడితే "మళ్లీ పంపు" నొక్కగానే అది సున్నా అవుతుంది, హ్యాకర్‌కి పండగ. ఫోన్ నంబర్‌కి కట్టాలి. ఐపీ అడ్రస్‌కి మాత్రమే కడితే ఇంకో తంటా: మొబైల్ డేటాలో ఒక్క ఐపీ వెనక ఎంతోమంది ఉంటారు, ఎవడో చేసిన తప్పుకి ఊరంతా బ్లాక్ అవుతుంది.

వెనక్కి వచ్చాక నా కోడ్ ఇలా మార్చా:

```
OTP_TTL    = 600   # seconds
MAX_TRIES  = 5     # per phone, per hour
RESEND_GAP = 60

if tries(phone) >= MAX_TRIES: return "WAIT"
if now > otp.expires_at:      return "EXPIRED"
if code != otp.code:
    add_try(phone)
    return "WRONG"
```

గడువు దాటిన కోడ్‌ని ఇక్కడ తప్పు ప్రయత్నంగా లెక్కపెట్టట్లేదు చూడండి. అప్పుడు సరైనది కొట్టినా, తప్పు కొట్టినా ఒకే సమాధానం వస్తుంది కాబట్టి హ్యాకర్‌కి ఏమీ తెలియదు. మామయ్యకి మాత్రం "గడువు అయిపోయింది" అని నిజం తెలుస్తుంది. ఆ రోజు మా మూడు ప్రయత్నాలూ ఇలాంటి వాటికే ఖర్చయ్యాయి.

రెండో మార్పు, గడువు లోపల "మళ్లీ పంపు" నొక్కితే కొత్త కోడ్ పుట్టించకుండా అదే కోడ్ పంపుతాం, గడువు మళ్లీ 10 నిమిషాలు అవుతుంది. రెండు మెసేజ్‌లు ఏ వరుసలో వచ్చినా గొడవ లేదు. దీనికి కోడ్‌ని హ్యాష్ కాకుండా ఎన్‌క్రిప్ట్ చేసి దాచాల్సి వచ్చింది, మా సీనియర్ కాసేపు వాదించాడు. అది న్యాయమైన అభ్యంతరమే. ఒప్పుకోకపోతే, కొత్త కోడ్‌తో పాటు ముందుది కూడా దాని గడువు దాకా చెల్లేలా పెట్టొచ్చు.

24 గంటల బ్లాక్ కూడా తీసేశా. గంటకి 5 ప్రయత్నాలంటే రోజుకి 120, అంటే ఒక నంబర్ మీద రోజుకి 0.012 శాతం ఛాన్స్. ఒక్క శాతానికి చేరాలంటే హ్యాకర్ దాదాపు 83 రోజులు ఆపకుండా కొట్టాలి, ఆ లోపు అసలు ఓనర్ ఫోన్ ఓటీపీలతో మోగిపోతూనే ఉంటుంది. అయితే వేల నంబర్ల మీద ఒకేసారి కొడితే ఈ లెక్క సరిపోదు, దానికి మొత్తం తప్పుల శాతం మీద అలారం వేరేగా పెట్టాలి. మేము అది ఇంకా పెట్టలేదు.

మీరు యాప్ రాస్తుంటే ఇంట్లోనే టెస్ట్ చేయొచ్చు, చర్ల రానక్కర్లేదు. పాత ఫోన్‌లో సిమ్ వేసి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఇంకో ఫోన్‌లో ఆ నంబర్‌తో ఓటీపీ అడగండి, నిమిషం ఆగి మళ్లీ పంపండి. ఐదో నిమిషంలో ఏరోప్లేన్ మోడ్ తీసేయండి. వచ్చిన రెండు మెసేజ్‌లలో ముందుగా కనిపించింది కొట్టండి. లోపలికి వెళ్లారా?

మా మామయ్య మర్నాడు బస్సెక్కి చర్ల వెళ్లారు. బ్యాంకు ముందు లైన్‌లో నిలబడి పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుంటే, డబ్బులు నాలుగు రోజుల ముందే పడి ఉన్నాయి.