మూలనున్న నారింజ అంకెలు

తొంభయిల నాటి ఆల్బం తిరగేస్తే చాలా ఫొటోల్లో కుడివైపు కింది మూలన నారింజ రంగు అంకెలు మెరుస్తుంటాయి. కెమెరాలో ఉండే బుల్లి గడియారం ఆ తేదీని కాంతితో నేరుగా ఫిల్ము మీదే అచ్చేసేది. అప్పట్లో అదో ముచ్చట. ఇప్పుడు స్కాన్ చేసి పెద్దది చేసి చూస్తే, మన చూపు మనుషుల కంటే ముందు వాటి మీదికే పోతుంది.

అరుగు మీద అమ్మమ్మ, పక్కన పట్టీలు పెట్టుకున్న పాప ఉన్న ఫొటో ఒకటి అనుకుందాం. ’96 గచ్చు మీద, 5 చీర అంచు మీద, 12 పాప పాదం మీద పడ్డాయి.

గచ్చు మీదివి తేలిగ్గానే పోతాయి. ఫొటోషాప్‌లో గానీ, జింప్‌లో గానీ హీలింగ్ బ్రష్‌ను అంకె గీత కంటే కాస్త పెద్దగా పెట్టుకుని, పక్కనున్న గచ్చును నమూనాగా తీసుకుని కొంచెం కొంచెంగా అద్దాలి. అంకె చుట్టూ పల్చటి నారింజ ఛాయ ఉంటుంది. దాన్ని వదిలేస్తే అంకె పోయినా జాడ పోదు.

చీర అంచు దగ్గర ఈ బ్రష్ పనికిరాదు. చుట్టుపక్కల రంగులన్నీ కలిపేసుకోవడం దాని గుణం, కాబట్టి జరీ, గచ్చు కలిసి అలుక్కుపోతాయి. అక్కడ క్లోన్ స్టాంప్ వాడాలి. అదే అంచులో కాస్త పైనున్న ముక్కను తీసుకుని, గీతకు గీత కలిసేలా దించాలి.

అసలు కష్టమంతా పాదం దగ్గరే. నారింజ కాంతిలో ఎరుపు బాగా ఎక్కువ, ఆకుపచ్చ కొంత, నీలం చాలా తక్కువ. అందుకని బ్లూ చానెల్ ఒక్కటే తెరిచి చూస్తే అంకెలు చాలావరకు మసకబారి, వాటి వెనక వేళ్ల సందులు, పట్టీ మువ్వలు బయటపడుతుంటాయి. ఆ ముక్కను పై పొరగా, లూమినాసిటీ మోడ్‌లో పెట్టి, వెలుగు చుట్టూ ఉన్న చర్మంతో సమానమయ్యేదాకా పెంచాలి. రంగు మాత్రం పక్క చర్మం నుంచి తెచ్చుకోవాలి.

బ్లూ చానెల్‌లోనూ తెల్లగా మాడిపోయిన చోట ఇక తవ్వడానికేమీ లేదు. అక్కడ నారింజ రంగును తగ్గించి, మచ్చను మచ్చగానే ఉంచేయడం నాకిష్టం. ఎవరివో వేళ్లు తెచ్చి పాపకు అతికించలేం కదా! అంకె ముఖం మీద పడితే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

అంకెలున్న మొదటి స్కాన్‌ను ముట్టుకోకుండా దాచి, పని అంతా దాని కాపీ మీదే చేయాలి. చెరిపిన తేదీని ఫైలు వివరాల్లో, ఫొటో తీసిన తేదీ అనే గడిలో రాసిపెడితే పోదు. అయితే రాసేముందు ఫొటోను ఓసారి పరకాయించి చూడాలి. బ్యాటరీ మార్చాక తేదీ సరిచేసే ఓపిక అందరికీ ఉండేది కాదు. అంకెలు మే నెల అంటుంటే వాకిట్లో గొబ్బెమ్మలు కనిపించాయనుకోండి, గొబ్బెమ్మల మాటే నమ్మాలి.