మూడు సెకన్లు ఆగి జవాబు చెప్పండి

మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఉండే వాచ్‌మన్‌ది ఒడిశా. హైదరాబాద్ వచ్చి ఏడాది కావస్తోంది. గేటు దాటే ప్రతి మనిషినీ ‘నమస్తే, బాగున్నారా?’ అని పలకరిస్తాడు. పాలవాడినీ, కొరియర్ కుర్రాడినీ, పొరపాటున మా గేటులోకి వచ్చిన వాళ్లనీ వదలడు. కొరియర్ కుర్రాడి ఆరోగ్యం మీద అతనికి ప్రత్యేకమైన ఆసక్తి ఏమీ లేదు. అతను తెలుగు సాధన చేస్తున్నాడు, అంతే. ఎదుట ఎవరు దొరికితే వాళ్లే అతనికి ప్రయోగశాల.

మాలో చాలామందిమి ఏం చేస్తాం? ‘హాఁ భయ్యా, సబ్ ఠీక్’ అనేసి లిఫ్టు వైపు నడుస్తాం. కొన్ని నెలలపాటు నేనూ అదే చేశాను. హిందీలోకి మారడం మర్యాదే అనుకున్నాను. ఇప్పుడు మాత్రం అది అతని నోటి ముందున్న తెలుగును లాగేసుకోవడమే అనిపిస్తోంది.

దీనికి ఒక కారణం కాలంలో ఉంది. 2009లో తాన్యా స్టివర్స్ బృందం పది భాషల్లోని సంభాషణలను కొలిచింది. ఒకరు ప్రశ్న ముగించాక మరొకరు జవాబు మొదలుపెట్టడానికి సగటున పట్టే సమయం సెకనులో అయిదో వంతు. భాషను బట్టి కొద్దిపాటి తేడాలున్నా, ఎక్కడా ఎక్కువ ఖాళీ కనబడలేదు. అయితే ఒక బొమ్మను చూసి దాని పేరు పైకి చెప్పడానికే మనకు సెకనులో సగానికి పైగా పడుతుంది. అంటే ఎదుటివారి మాట పూర్తి కాకముందే మనం జవాబు అల్లడం మొదలుపెడుతున్నామన్న మాట. కొత్త భాషలో అలా ముందుగా ఊహించడం కష్టం. అందుకే నేర్చుకునే మనిషి ఒకటి రెండు సెకన్లు తడబడతాడు. మన చెవికి ఆ కాస్త ఖాళీయే ‘ఇతనికి రాదు’ అన్నట్టు వినిపిస్తుంది. వెంటనే భాష మార్చేస్తాం.

తరగతి గదుల్లోనూ ఇలాంటిదే కనిపించింది. 1970ల్లో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు సైన్సు పాఠాల టేపులు విన్నారు. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు ఒక సెకనుకు మించి ఆగడం లేదు. మూడు సెకన్లు ఆగడం అలవాటు చేసినప్పుడు పిల్లల జవాబుల నిడివి పెరిగింది, మౌనంగా ఉండే పిల్లలూ నోరు విప్పారు. అది భాష నేర్పే తరగతి కాదు, నిజమే. కానీ గేటు దగ్గర ఆ మూడు సెకన్లు ఆగి చూడడానికి నాకు ఖర్చేమీ లేదు.

‘రోజూ బాగున్నారా అంటే భాష వస్తుందా?’ అని మా పక్కింటాయన అడిగారు. న్యాయమైన సందేహమే. మొదట్లో అది మాటల పొట్లం, లోపల ఏముందో విప్పి చూడకుండా వాడేది. అయితే ఆ పొట్లం అలాగే ఉండిపోదు. 1976 నాటి తన అధ్యయనం కోసం లిలీ వాంగ్ ఫిల్‌మోర్ కాలిఫోర్నియాలో స్పానిష్ మాట్లాడే అయిదుగురు పిల్లలను ఇంగ్లిషు పిల్లలతో ఆడుకోనిచ్చి గమనించారు. వాళ్లలో నోరా అని ఆమె పేరు పెట్టిన పాప ‘హౌ డూ యూ డూ దీజ్?’ అన్న వాక్యాన్ని మొత్తంగా పట్టుకుంది. కొన్నాళ్లకు దాని చివర కొత్త మాటలు తగిలించింది. తరువాత ‘హౌ డూ యూ’ వరకే ఉంచి వేరే క్రియలు కలిపింది. చివరికి ‘హౌ డిడ్ యూ’ కూడా వచ్చింది.

మా వాచ్‌మన్ విషయంలోనూ ఇది జరిగింది. ‘బాగున్నారా’ తరువాత ‘తిన్నారా’ వచ్చింది. ఓ రోజు ‘మెకానిక్ వచ్చున్నారా?’ అన్నాడు. తప్పే, కానీ ఎంత తెలివైన తప్పో! ‘న్నారా’ను విడదీసి వేరే మాటకు అతికించాడు. నేను నవ్వకుండా, ‘వచ్చారు, పదింటికి వచ్చారు’ అన్నాను. సరైన రూపం జవాబులోనే రెండుసార్లు వినిపించాలని నా ఉద్దేశం. ఇలా చెబితే దిద్దుతున్నామని అతను గమనించకపోవచ్చు. అందుకే ఆ మాటను కాస్త నొక్కి పలుకుతాను.

నీళ్ల ట్యాంకరు గురించో, గేటు దగ్గర గొడవ గురించో చెప్పాల్సి వస్తే మాత్రం హిందీయే. అప్పుడు పని ముఖ్యం. ఆఫీసుకు ఆలస్యమైన రోజు ‘బాగున్నాను, మీరు?’ అని కదిలిపోతాను. అతను ‘బాగున్నాను మేడమ్’ అంటాడు. ఆ మాట నా వెనకనుంచి వినబడుతుంది.

గత నెల మా నాన్న ఊరికి బయల్దేరారు. ఆటో మలుపు తిరగ్గానే వాచ్‌మన్ ఎంతో ఆప్యాయంగా, ‘మేడమ్, నాన్నగారు పోయారా?’ అన్నాడు. పక్కింటాయన ఉలిక్కిపడ్డారు. నేను ఆగి, ‘వెళ్ళారు. స్టేషన్‌కి వెళ్ళారు’ అన్నాను. పెద్దవాళ్ల గురించి ‘పోయారు’ అంటే ఏ అర్థం వస్తుందో అప్పుడు మాత్రం హిందీలోనే చెప్పాను. నాలుక కరుచుకున్నాడు. మరో మూడు రోజులకు ఎలక్ట్రీషియన్ గురించి అడిగితే, కాసేపు ఆలోచించి, ‘పో... వెళ్ళారు’ అన్నాడు.