తీర్పు చదవాలంటే ముందు చివరి పేజీ తిప్పండి

‘నోటిఫికేషన్ వచ్చాక మధ్యలో రూల్స్ మార్చకూడదు: సుప్రీంకోర్టు.’ ఈ లైన్ మీ ప్రిపరేషన్ గ్రూపుల్లో ఎప్పుడో ఒకప్పుడు మీకు కనిపించే ఉంటుంది. 2024 నవంబర్ 7న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు అది. తేజ్ ప్రకాశ్ పాఠక్ వర్సెస్ రాజస్థాన్ హైకోర్టు అనే కేసు. సరే, ఒక చిన్న ప్రశ్న. ఆ కేసు వేసిన అభ్యర్థులకు ఆ రోజు ఉద్యోగాలు వచ్చాయా?

రాలేదు. అలాగని వాళ్లు ఓడిపోలేదు కూడా. ఈ రెండు ముక్కలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియాలంటే తీర్పును నాలుగు భాగాలుగా విడదీసుకోవాలి. ఏం జరిగింది, కోర్టు ముందున్న ప్రశ్న ఏంటి, ఏ కారణాలతో జవాబు చెప్పింది, చివరికి ఏం ఆదేశించింది. నోటిఫికేషన్ మీద కోర్టుకెళ్దామని ఎవరైనా తలా కొంత చందా అడిగినప్పుడు ఈ నాలుగూ కలగాపులగంగా ఉంటే నష్టపోయేది మీరే.

తీర్పును మొదటి పేజీ నుంచి వరసగా చదవకండి. ప్రోగ్రామ్ ఆగిపోతే మేం ముందు ఎర్రర్ మెసేజ్‌లో చివరి లైన్ చూస్తాం, ఆ తర్వాతే వెనక్కి వెళ్తాం. ఇక్కడా అంతే. తీర్పు చివర్లో అప్పీలును అనుమతిస్తున్నామనో, కొట్టేస్తున్నామనో ఉంటుంది. ఈ కేసులో ఆ రెండూ లేవు. తమకు నివేదించిన ప్రశ్నకు జవాబిచ్చామని, ఇక ఈ కేసులను తగిన బెంచ్ ముందు పెట్టమని ఉంది. అంటే పెద్ద బెంచ్ చట్టం ఏంటో చెప్పి పక్కకు తప్పుకుంది. ఆ అభ్యర్థుల సంగతి తేల్చే పని మరో బెంచ్‌కు మిగిలింది. ‘అభ్యర్థులు గెలిచారు’ అని ఎవరైనా రాస్తే ఆ చివరి పేజీ చదవలేదన్నమాటే.

ఇప్పుడు వాస్తవాల్లోకి వెళ్దాం. 2009 సెప్టెంబర్‌లో రాజస్థాన్ హైకోర్టు 13 అనువాదకుల పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. రాతపరీక్ష, దాని తర్వాత ఇంటర్వ్యూ. 21 మంది హాజరైతే ముగ్గురినే ఎంపిక చేశారు. కారణం తర్వాత బయటపడింది. కనీసం 75 శాతం మార్కులు వచ్చినవాళ్లనే తీసుకోవాలని ప్రధాన న్యాయమూర్తి ఆదేశించారు. ఆ 75 శాతం సంగతి నోటిఫికేషన్‌లో లేదు. ఎంపిక కాని ముగ్గురు హైకోర్టులో రిట్ వేస్తే 2010లో కొట్టేశారు. దాంతో సుప్రీంకోర్టుకు వచ్చారు. మీ సారాంశానికి ఇంతకుమించిన కథ అక్కర్లేదు. ఒక విషయం వాస్తవాల్లో చేర్చాలా వద్దా అని సందేహం వస్తే, దాన్ని తీసేసి చూడండి. తీర్పు మారేలా ఉంటే ఉంచండి. 75 శాతం అన్నది తీసేస్తే కేసే లేదు. పోస్టులు 13కు బదులు 15 అయినా తేడా రాదు.

ప్రశ్న దగ్గర ఎక్కువమంది జారిపోతారు. ‘75 శాతం కటాఫ్ న్యాయమా?’ అన్నది అభ్యర్థుల బాధ. రాజ్యాంగ ధర్మాసనం ముందున్న ప్రశ్న అది కాదు. దాని వెనక మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఓ కేసు ఉంది. జిల్లా జడ్జీల ఎంపికలో ఇంటర్వ్యూలు అయిపోయాక ఇంటర్వ్యూకూ కనీస మార్కులు పెట్టారు. ఆట ముగిశాక రూల్స్ మార్చడం కుదరదని 2008లో కె. మంజుశ్రీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1973 నాటి హర్యానా కేసు, సుభాష్ చందర్ మార్వాహా తీర్పు, దీనికి అడ్డంగా ఉన్నట్టు కనిపిస్తుంది. అక్కడ 15 ఖాళీలుంటే, 45 శాతం దాటి 40 మంది అర్హులైతే, ప్రభుత్వం 55 శాతం పైన వచ్చిన మొదటి ఏడుగురికే ఉద్యోగాలిచ్చింది. కోర్టు తప్పుపట్టలేదు. మంజుశ్రీ తీర్పు ఇచ్చినప్పుడు ఈ పాత తీర్పును చూడలేదు కదా అని 2013లో ముగ్గురు న్యాయమూర్తుల బెంచ్ అనుమానపడి విషయాన్ని పెద్ద బెంచ్‌కు పంపింది. కాబట్టి అసలు ప్రశ్న ఇది: మంజుశ్రీ తీర్పు సరైనదేనా?

మూడో భాగమే పొడవైనది, ప్రమాదమూ అక్కడే. కారణాల మధ్యలో రెండు పక్షాల లాయర్ల వాదనలూ కలిసి ఉంటాయి. ఒక పేరాలో చాలా బలమైన వాక్యం కనిపిస్తుంది, దాన్ని కోర్టు మాట అనుకుని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసేస్తాం. తీరా చూస్తే అది ఓడిన పక్షం వాదన అయి ఉండొచ్చు. ప్రతి పేరా పక్కన ‘ఇది ఎవరి మాట?’ అని పెన్సిల్‌తో రాసుకోండి. ‘విన్నవించారు’, ‘వాదించారు’ అనే అర్థం వస్తే లాయర్. ‘మా అభిప్రాయంలో’, ‘మేం నిర్ణయిస్తున్నాం’ అంటే కోర్టు. పాత తీర్పుల్లోంచి పొడవుగా ఎత్తిరాసిన పేరాలూ ఉంటాయి. వాటి కింద ఇప్పటి బెంచ్ ఒప్పుకుందా, పక్కన పెట్టిందా అన్నది చూసేదాకా వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

అలా వడగడితే ఇక్కడ మిగిలే తర్కం చక్కగా ఉంటుంది. రెండు పాత తీర్పులూ గొడవపడట్లేదంది కోర్టు. మంజుశ్రీ కేసు ఎంపిక జాబితాలోకి ఎక్కే హక్కు గురించి. మార్వాహా కేసు జాబితాలోకి ఎక్కాక ఉద్యోగం పొందే హక్కు గురించి. జాబితాలో పేరుంటే చాలు ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. సరైన కారణముంటే ప్రభుత్వం ఖాళీలు నింపకుండా ఆగొచ్చు, ఇష్టారాజ్యంగా మాత్రం కాదు. జాబితాలోకి ఎక్కే అర్హతలు మాత్రం నోటిఫికేషన్‌తోనే ఖాయమైపోతాయి. అసలు సర్వీసు రూల్సో, వాటికి విరుద్ధం కాని నోటిఫికేషనో అనుమతిస్తే తప్ప మధ్యలో మార్చకూడదు. అనుమతి ఉన్నా ఆ మార్పు ఏకపక్షంగా ఉండకూడదు, ఆర్టికల్ 14 పరీక్షకు నిలవాలి.

గ్రూపుల్లో తిరిగే ఆ ఒక్క లైన్‌లో పడిపోయింది ఈ ‘తప్ప’ అనే మాటే. ఇంకోటి కూడా పడిపోయింది. కనీస మార్కులు పెట్టడమే తప్పని కోర్టు అనలేదు. ఆ అధికారం బోర్డుకు ఉన్నప్పుడు, ఆ దశ మొదలయ్యేలోపే పెట్టాలి, దశ ముగిశాక కాదు. అందుకే మీ నోటిఫికేషన్ విషయంలో మార్పు జరిగిన తేదీకీ, పరీక్ష లేదా ఇంటర్వ్యూ జరిగిన తేదీకీ మధ్య వరస చూడాలి. తర్వాత ‘కనీస మార్కులు నిర్ణయించే అధికారం బోర్డుకు ఉంటుంది’ లాంటి వాక్యం నోటిఫికేషన్‌లో ఎక్కడైనా ఉందేమో వెతకాలి. ఉంటే మీ కేసు మంజుశ్రీ కేసు అంత తేలిక కాదు.

మా ఇంటి పక్క డిగ్రీ కుర్రాడికి చెప్పాలంటే నేనైతే ఇలా రాస్తాను: ‘13 పోస్టులకు పరీక్ష పెట్టి, ముందు చెప్పని 75 శాతం కటాఫ్‌తో ముగ్గురినే తీసుకున్నారు. ఎంపిక కానివాళ్లు కోర్టుకెళ్లారు. మధ్యలో అర్హత మార్చకూడదన్న 2008 నాటి తీర్పు సరైనదేనా అన్నది పెద్ద బెంచ్ ముందున్న ప్రశ్న. సరైనదే, ఎందుకంటే జాబితాలోకి రావడం వేరు, జాబితాలోంచి ఉద్యోగం రావడం వేరు, అంది కోర్టు. రూల్స్ లేదా నోటిఫికేషన్ అనుమతిస్తే మార్పు కుదురుతుంది, అదీ న్యాయంగా ఉంటేనే. ఆ అభ్యర్థుల కేసు మాత్రం ఈ తీర్పుతో తేలలేదు, మరో బెంచ్‌కు వెళ్లింది.’

ఇందులో ప్రతి వాక్యం ఎదురుగా తీర్పులోని పేరా నంబర్ వేసుకోండి. నంబర్ దొరకని వాక్యం ఏదైనా మిగిలితే అది కోర్టు చెప్పింది కాదు, మీరు ఆశపడింది. దాన్ని కొట్టేసి, మిగతా కాగితం లాయరు దగ్గరికి పట్టుకెళ్లండి.