నైట్ ఆఫ్ సెలవు కాదు

నర్సింగ్ హోము వార్డు గోడకి అంటించిన డ్యూటీ చార్టుని మనలో ఎవరమూ చదవం. పేషెంటు తాలూకు మనుషులం కదా, మన మంచం దగ్గరికి సిస్టరు వచ్చిందా లేదా అన్నదే మన గోల. రాత్రి రెండింటికి సెలైను అయిపోయి, పిలిచిన పది నిమిషాలకి గానీ ఆమె రాకపోతే విసుక్కుంటాం. ఆ అమ్మాయికి అది వరసగా ఎన్నో రాత్రో ఆ చార్టులోనే రాసి ఉంటుంది.

మా చిన్నాడపడుచు ఒక చిన్న ఊళ్ళో, ఇరవై పడకల వార్డులో సిస్టరు. తనతో కలిపి ఆరుగురు. "వదినా, వారానికో ఆఫ్ ఇస్తున్నాం కదమ్మా అంటారు. చార్టులోనూ ఉంటుంది. మరి మాకెందుకు కనపడదు?" అని అడిగింది ఒకసారి. ఏడుపు గొంతుతో కాదు, నిజంగానే అర్థం కాక. పాత క్యాలెండరు వెనక్కి తిప్పి ఇద్దరం లెక్క వేశాం. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే చిన్న ఊళ్ళలో చాలాచోట్ల ఈ చార్టు వేసేది హెడ్ నర్సు, లేకపోతే డాక్టరుగారి శ్రీమతి. అంటే ఈ పేజీ చదివేవాళ్ళే.

అక్కడ ఉదయం డ్యూటీ ఎనిమిది నుంచి రెండు దాకా, మధ్యాహ్నం డ్యూటీ రెండు నుంచి ఎనిమిది దాకా, నైటు రాత్రి ఎనిమిది నుంచి మర్నాడు పొద్దున ఎనిమిది దాకా. ఉదయం ఇద్దరు, మధ్యాహ్నం ఇద్దరు, రాత్రి ఒక సిస్టరూ తోడు ఒక ఆయా. రోజుకి అయిదు డ్యూటీలు, వారానికి 35. ఆరుగురికీ ఏడేసి రోజులంటే 42. అందులోంచి 35 తీసేస్తే 7 మిగిలాయి. ఆరుగురికీ తలో ఆఫ్ ఇచ్చినా ఇంకొకటి చేతిలో ఉంది! కాగితం మీద ఇంతకంటే ధర్మం ఏముంటుంది?

కాగితం మీద కనపడనిది నైటు మర్నాడు. బుధవారం రాత్రంతా మేలుకున్న అమ్మాయి గురువారం పొద్దున ఎనిమిదింటికి వార్డు అప్పజెప్పి, బస్సెక్కి ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. స్నానం చేసి పడుకుంటే సాయంత్రం అవుతుంది. ఆ గురువారాన్ని చార్టులో 'ఆఫ్' అని రాస్తారు. శుక్రవారం ఉదయం ఎనిమిదికల్లా మళ్ళీ డ్యూటీ. డ్యూటీ దిగిన క్షణం నుంచి ఎక్కే క్షణం దాకా లెక్కపెడితే సరిగ్గా 24 గంటలు, అందులో సగం నిద్ర బాకీ తీర్చడానికే సరి. 1977లో అంతర్జాతీయ కార్మిక సంస్థ నర్సుల కోసం చేసిన సిఫార్సులో రెండు డ్యూటీల మధ్య కనీసం 12 గంటలు, వారపు విశ్రాంతి ఎంత తక్కువైనా ఏకబిగిన 36 గంటలు ఉండాలని ఉంది. 24 గంటలది ఏ లెక్కనా వారపు సెలవు కాదు. దాన్ని నిద్ర రోజు అందాం. చార్టులో దానికి వేరే గుర్తు పెట్టండి.

గుర్తు పెట్టగానే లెక్క మారిపోతుంది. వారంలో ఏడు రాత్రుల్ని ముగ్గురు పంచుకుంటే మూడు నిద్ర రోజులు. మిగిలిన 7 ఖాళీల్లోంచి అవి పోతే అసలు సెలవులు నాలుగే. ఆరుగురిలో ఇద్దరికి ఆ వారం సెలవు లేదు. ఇద్దరే పంచుకుంటే నిద్ర రోజులు రెండు, సెలవులు అయిదు, అప్పటికీ ఒకరికి లేదు. ఒక్కరే ఏడు రాత్రులూ చేస్తే? నిద్ర రోజు ఒక్కటే, సెలవులు ఆరు, అందరికీ సరిపోయింది! వారం వారం ఒకమ్మాయిని నైట్లలో పడేసే అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. ఎవరి దుర్మార్గమూ కాదు, తీసివేత లెక్క. కానీ ఏడు పన్నెండ్లు 84 గంటలు. ఏడో రాత్రి ఆ చేత్తో ఇంజక్షను వేయించుకునేది మనమే.

ఆరుగురితోనే దీన్ని సరిచేయాలంటే దారి ఒక్కటే కనపడింది, ఆదివారం. ఆ వార్డులో ఆదివారం ఓపీ లేదు, ముందుగా పెట్టుకున్న ఆపరేషన్లు లేవు. ఉదయం ఒకరు, మధ్యాహ్నం ఒకరు చాలు. అప్పుడు వారానికి 33 డ్యూటీలు, 9 ఖాళీలు. మూడు నిద్ర రోజులు పోను సరిగ్గా ఆరు సెలవులు. కాన్పుల వార్డయితే మాత్రం ఈ పని చేయకండి. నొప్పులకి ఆదివారం తెలీదు.

ఇక పంపకం. ఆరు వారాల చక్రం ఒకటి గీసి, ఆరుగురినీ ఒక్కొక్క వారంలో నిలబెట్టాలి. వారం మారగానే అందరూ ఒక గడి ముందుకి జరుగుతారు. ఒకమ్మాయి వెంట నడుద్దాం. మొదటి వారం సోమ, మంగళ ఉదయం డ్యూటీ, బుధవారం సెలవు, గురు, శుక్ర మధ్యాహ్నం, శని, ఆది రాత్రులు. రెండో వారం సోమవారం నిద్ర, మంగళవారం సెలవు, బుధవారం నుంచి ఆదివారం దాకా ఉదయాలు. మూడో వారం సోమ, మంగళ, బుధ రాత్రులు, గురువారం నిద్ర, శుక్రవారం సెలవు, శని, ఆదివారాలు మధ్యాహ్నం. నాలుగో వారం మొదటి మూడు రోజులూ మధ్యాహ్నం, గురు, శుక్ర రాత్రులు, శనివారం నిద్ర, ఆదివారం సెలవు. అయిదో వారం సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం, ఆదివారం సెలవు. ఆరోవారం అలాగే ఆరు రోజులూ మధ్యాహ్నం, ఆదివారం సెలవు. మళ్ళీ మొదటికి.

ఇందులో ఏ వారం చూసినా పని 48 గంటలు దాటదు. నిద్ర రోజు వెనకాలే సెలవు ఉంటుంది గనక నైట్లు దిగాక 48 గంటలకి తక్కువ కాకుండా చేతికొస్తాయి. మధ్యాహ్నం డ్యూటీ దిగిన మర్నాడు పొద్దున్నే పరుగెత్తడం ఒక్కసారి కూడా లేదు. ఆరు వారాల్లో అందరికీ ఏడేసి రాత్రులు, మూడేసి ఆదివారాలు. 'ఫలానా ఆవిడకే ఎప్పుడూ ఆదివారం ఇస్తారు' అన్న మాట పుట్టడానికి చోటే లేదు. ఆరు వారాల చార్టూ ఒకేసారి గోడకెక్కుతుంది కాబట్టి పిల్లాడి బడిలో మీటింగుకి వస్తానో రానో నెల ముందే చెప్పొచ్చు. ఇప్పటిలాగా శనివారం రాత్రి ఫోనులో మెసేజి వచ్చేదాకా ఎదురు చూడక్కర్లేదు.

అయితే కంతలూ ఉన్నాయి. రెండో వారం బుధవారం నుంచి మూడో వారం బుధవారం రాత్రి దాకా ఎనిమిది డ్యూటీలు మధ్యలో సెలవు లేకుండా వస్తాయి. మొదటి మూడు ఆదివారాలూ వరసగా డ్యూటీయే. అన్నిటికంటే పెద్దది, ఎవరికైనా జ్వరం వస్తే ఆ జాగా నింపేవాళ్ళు లేరు. మధ్యాహ్నం రెండింటికి ఎక్కిన అమ్మాయిని నైటు కూడా చేసి పొమ్మంటారు. అంటే 18 గంటలు. ఆ దెబ్బతో తర్వాతి మూడు రోజుల చార్టు చెదిరిపోతుంది.

అందుకే ఏడో సిస్టరు కావాలి. జీతం దండగ అనే ముందు ఆమెని ఎక్కడ పెట్టాలో చూడండి. రెండో వారానికీ మూడో వారానికీ మధ్య 'రిలీవరు వారం' అని ఒకటి దూర్చాలి. సోమవారం సెలవు, మంగళవారం నుంచి శనివారం దాకా ఉదయం డ్యూటీలో అదనపు మనిషి, ఎవరైనా రాకపోతే వాళ్ళ జాగాలోకి, ఆదివారం సెలవు. ఎనిమిది డ్యూటీల గొలుసు అక్కడ తెగుతుంది. మూడు ఆదివారాల వరసా తెగుతుంది. రిలీవరు అంటే కొత్తగా చేరిన అమ్మాయికి కట్టబెట్టే శాశ్వత ఉద్యోగం కాకుండా, ఏడు వారాలకోసారి అందరి వంతూ అవుతుంది.

చంటిపిల్ల తల్లి ఉంటే? ఆమెకి నైట్లు తప్పించాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ ఏడు రాత్రులూ మాయం కావు, మిగతావాళ్ళ మీద పడతాయి. చాలాచోట్ల పేచీ ఇక్కడే మొదలవుతుంది, దయతో చేసిన పని గుసగుసలుగా మారుతుంది. మినహాయింపు ఎప్పటిదాకానో తేదీ వేసి చార్టులోనే రాసేయండి. ఆమె తన ఆదివారాల్లో కొన్ని వాళ్ళకి ఇవ్వగలదేమో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. మా ఆడపడుచు వార్డులో ఒకావిడ తనంతట తనే ఇస్తానంది. అడిగే పద్ధతి లేక అంతవరకూ ఊరుకుందిట.

పండగలు చక్రానికి లొంగవు. సంక్రాంతి ఏటా దాదాపు అదే తేదీకి వస్తుంది. ఆరు వారాల చక్రం ఏడాదికి నాలుగు గడులు జరిగి, మూడేళ్ళకి మళ్ళీ మొదటి చోటికే వస్తుంది. అంటే ఈసారి భోగినాడు చక్రంలో ఏ వారంలో ఉందో ఆ అమ్మాయి నాలుగో ఏడు మళ్ళీ అదే వారంలో ఉండొచ్చు. దసరా, దీపావళి, రంజాన్ ఎటు కదులుతాయో పంచాంగం చూడాల్సిందే. కాబట్టి పండగలకి వేరే నోటు పుస్తకం పెట్టాలి. ఎవరు ఏ పండగకి పనిచేశారో పేరుపేరునా రాసి, మళ్ళీ పంచేటప్పుడు అది తెరవాలి. క్రిస్మస్‌కి హిందూ సిస్టర్లు నిలబడటం, సంక్రాంతికి క్రైస్తవ సిస్టర్లు నిలబడటం వార్డుల్లో ఎవరూ చెప్పకుండానే జరిగే పని. దాన్ని కూడా ఆ పుస్తకంలో రాయండి, లేకపోతే రెండేళ్ళకి ఎవరు ఎవరికి బాకీయో గుర్తుండదు. డ్యూటీలు మార్చుకున్నా అందులోనే ఇద్దరి సంతకాలూ ఉండాలి. సంతకం పెట్టే ముందు రెండు డ్యూటీల మధ్య పన్నెండు గంటలు మిగిలాయో లేదో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి.

ఇంతకీ ఆదివారం ఉదయం ఒకరు, మధ్యాహ్నం ఒకరు అన్నాను కదా. చర్చికి వెళ్ళే సిస్టరు వంతు ఉదయం పడితే, మధ్యాహ్నం వంతు ఆవిడతో మార్చుకోవచ్చు. మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ అయినా, నైటు అయినా ఇద్దరికీ ఎక్కడా గంట తగ్గదు.