మన తెర ఎవరి కంట పడుతోంది?

ఇంట్లో ఉత్తరాలు వచ్చే రోజుల్లో వాటిని ఎవరు ముందు విప్పి చదువుతారన్నది ఆ ఇంట్లో అధికారం ఎవరిదో చెప్పేది. ఇప్పుడు ఉత్తరాలు ఫోనులోకి వచ్చాయి. విప్పి చదివే పద్ధతి కూడా ఫోనులోకే వచ్చింది. కాకపోతే కవరు చిరిగిన గుర్తు ఇప్పుడు కనిపించదు. గత ఏడాదిగా నంద్యాలలోనూ ఆళ్లగడ్డలోనూ పొదుపు సంఘాల స్త్రీలతో, కుట్టుపని చేసే స్త్రీలతో గృహహింస గురించి మాట్లాడుతున్నప్పుడు ఒక ప్రశ్న పదే పదే వచ్చింది: "నేను ఫోనులో రాసింది ఆయనకెట్ల తెలుస్తాంది?" ఈ ప్రశ్నను భయంగానో భ్రమగానో కొట్టిపారేయకుండా, ఒక యాప్ మన తెరను చూడటానికి అనుమతి ఎలా సంపాదిస్తుంది, ఆ అనుమతి ఏ యాప్ దగ్గర ఉందో ఎలా తెలుసుకోవాలి అన్నది ఈ సంచికలో వివరంగా చెప్పుకోవాలని అనుకున్నాం.

ఆండ్రాయిడ్ ఫోనులో తెరను చూసేందుకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఈ రెండింటి తేడా తెలియకపోవడం వల్లనే చాలామంది వెతకాల్సిన చోట కాకుండా ఇంకెక్కడో వెతుకుతున్నారు.

మొదటిది బాహాటంగా అడిగే దారి. ఒక యాప్ మన తెరను రికార్డు చేయాలన్నా, ఇంకొకరికి చూపాలన్నా ఫోనే మధ్యలోకి వచ్చి ఒక హెచ్చరిక చూపిస్తుంది. తెర మీద కనిపించేదంతా, పాస్‌వర్డులూ సందేశాలతో సహా, ఈ యాప్‌కు అందుతుందని దాని సారాంశం. కింద `Cancel` అనీ `Start now` అనీ, ఫోనును బట్టి అలాంటి మాటలే ఉంటాయి. ఈ ఏర్పాటు 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నుంచి ఉంది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని చెప్పి ఎనీడెస్క్ వంటి యాప్ వేయించి డబ్బు దోచుకునేవాళ్లు వాడుకునేది ఈ దారినే. 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఆ యాప్ పేరు చెప్పి మరీ బ్యాంకులను హెచ్చరించింది. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14కు అనుగుణంగా తయారైన యాప్‌లు తెరను చూసిన ప్రతిసారీ కొత్తగా అడగాలి. నిన్న ఒప్పుకున్నారు కదా అని ఈ రోజు చూడటం కుదరదు.

అందుకే ఈ మొదటి రకం అనుమతి "ఎవరెవరి దగ్గర ఉంది" అని సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా జాబితా కనిపించదు. అది ఇచ్చి వదిలేసిన తాళంచెవి కాదు, తలుపు తీసి ఉన్నంతసేపే ఉండే దారి. దాన్ని కనిపెట్టేది కూడా అది జరుగుతున్నప్పుడే. తెర పైభాగాన గడియారం ఉండే వరుసలో ఒక గుర్తు వస్తుంది. వేలితో పై నుంచి కిందికి లాగితే ఫలానా యాప్ తెరను పంచుకుంటోందన్న నోటిఫికేషన్, ఆపడానికి `Stop` అన్న మీటా ఉంటాయి. బ్యాంకు యాప్‌లు చాలావరకు తమ పేజీలను ఈ దారిన కనిపించకుండా మూసేస్తాయి. రికార్డులో అక్కడ నల్లగా వస్తుంది. మామూలు వాట్సాప్ సంభాషణకు అలాంటి ముసుగు ఉండదు.

ఇంట్లోని నిఘా ఈ దారిన తక్కువగా వస్తుంది. ప్రతిసారీ అడగడం, గుర్తు కనిపించడం దొంగచాటు చూపుకు పనికిరావు. దానికి కావలసింది రెండో దారి.

ఫోనులో `Accessibility` అనే విభాగం ఉంది. ఇది చూపులేని వాళ్ల కోసం, చేతులు సరిగా ఆడని వాళ్ల కోసం ఏర్పడింది. తెర మీద ఉన్న అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ అందులోదే. చదివి వినిపించాలంటే ముందు చదవాలి కదా. కాబట్టి ఈ విభాగంలో అనుమతి పొందిన యాప్ తెర మీది మాటలన్నీ చదవగలదు, మన బదులు మీటలు నొక్కగలదు. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి, వేరే అనుమతి అడగకుండానే తెరను ఫోటో తీయగలదు. ఒక్కసారి మీట వేస్తే ఫోను ఆపి మళ్లీ వేసినా అది పోదు. పైవరుసలో సాధారణంగా గుర్తూ కనిపించదు. వికలాంగులు పోరాడి సాధించుకున్న సౌకర్యం ఇలా కాపలా పనికి వాడుకోబడటం గురించి విడిగా రాయవలసినంత ఉంది.

ఆళ్లగడ్డలో బ్లౌజులు కుట్టే ఒక స్త్రీ విషయంలో ఇదే జరిగింది. ముప్ఫై దాటిన మనిషి. ఆమె చెల్లెలికి వాట్సాప్‌లో ఏం రాసినా సాయంత్రానికి భర్త నోటి నుంచి ఆ మాటలే వచ్చేవి. "అక్కా, నేను పంపి తీసేసిన మాట కూడా చెప్తాడు" అంది. మేము నంద్యాలలో, ఆమె అక్క ఇంట్లో కూర్చుని ఆ ఫోను చూశాం.

మొదట వాట్సాప్ సెట్టింగ్స్‌లో `Linked devices` చూశాం. చాలా సందర్భాల్లో రహస్యం ఇంతటితోనే తేలిపోతుంది. ఎవరో ఒక్క నిమిషం ఫోను తీసుకుని వాట్సాప్‌ను తమ కంప్యూటరుకు కలిపి ఉంటారు, తెరను చూసే యాప్ ఏదీ ఉండదు. ఇక్కడ ఆ జాబితా ఖాళీగా ఉంది. తర్వాత సెట్టింగ్స్ పైన వెతికే గడిలో `Accessibility` అని కొట్టి లోపలికి వెళ్లాం. బయటి నుంచి వచ్చిన యాప్‌లు ఒక ఫోనులో `Downloaded apps` అనీ, ఇంకో ఫోనులో `Installed apps` అనీ ఉంటాయి. ఆమె ఫోనులో అక్కడ ఒకే ఒక్క పేరు, `System Service` అని, పక్కన `On`. పేరు చూస్తే ఫోనుతో పాటే వచ్చిందనిపిస్తుంది. అలా అనిపించడానికే ఆ పేరు. ఫోను కంపెనీ సొంత సాధనాలు చాలావరకు ఈ బయటి యాప్‌ల జాబితాలో ఉండవు.

ఆ తర్వాత సెట్టింగ్స్‌లోని యాప్‌ల పూర్తి జాబితాలో అదే పేరు పట్టుకున్నాం. ముందు తెర మీద దానికి బొమ్మ లేదు. యాప్ వివరాల పేజీ అడుగున అది ప్లే స్టోర్ నుంచి వచ్చిందో లేదో రాసి ఉంటుంది. ఇది అక్కడి నుంచి రాలేదు. ప్లే స్టోర్‌లో మన బొమ్మ మీద నొక్కితే వచ్చే `Play Protect`ను చూస్తే, యాప్‌లను పరీక్షించే మీట ఆపేసి ఉంది. మూడూ కలిపి చూస్తే ఇది యాదృచ్ఛికంగా చేరిన యాప్ కాదని తేలిపోయింది.

ఎలా చేరింది? 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, బయటి నుంచి తెచ్చి వేసిన యాప్‌కు ఈ అనుమతి ఇవ్వబోతే ఫోను అడ్డుపడుతుంది. యాప్ వివరాల పేజీలో మూడు చుక్కలు నొక్కి `Allow restricted settings` అని ఒప్పుకుని, తెర తాళం అంకెలు కొడితే గానీ అది తొలగదు. అంటే దూరాన కూర్చున్న అపరిచితుడు తనంతట తాను చేయగల పని కాదు. ఫోను చేతిలో, దాని అంకెలు తలలో ఉన్న మనిషి చేసే పని. "ఫోను స్లో అయింది, నంద్యాలలో బాగు చేయిస్తా" అని భర్త ఒక పూట తీసుకుపోయిన సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. అంకెలు ఆమే చెప్పింది. చెప్పకపోతే ఏం దాస్తున్నావన్న ప్రశ్న వచ్చేది. ఆ ఒక్క మాటతో ఫోను అడ్డుగోడ కూలిపోయింది. సాంకేతిక భాషలో దాన్ని యజమాని అనుమతి అంటారు. ఏ యజమాని అన్నది ఫోనుకు తెలియదు.

ఆ మీట అక్కడికక్కడే ఆపేయాలని ఆమె అక్క పట్టుబట్టింది. మేము ఆపలేదు. ఆపితే అవతలి మనిషికి సందేశాలు రావడం ఆగిపోతుంది, కారణం క్షణంలో తెలుస్తుంది, ఆ రాత్రి ఆమె వెళ్లాల్సింది ఆ ఇంటికే. అక్క ఫోనుతో అన్ని పేజీల ఫోటోలు తీశాం. ఆ ఫోనులోనే స్క్రీన్‌షాట్లు తీయడం, దాంట్లోనే వెతకడం, దాంతో మాకు ఫోన్ చేయడం వద్దన్నాం. అవీ తెర మీది పనులే కదా. పది రోజుల తర్వాత, పుట్టింటికి వెళ్లాక, ఆమె తానే తొలగించింది. `Accessibility`లో మీట ఆపి, `Device admin apps`లో అదే పేరు కనిపిస్తే అక్కడా ఆపి, ఆ తర్వాతే యాప్ తీసేయాలి. అక్కడ ఆపకపోతే తీసేయబోయినప్పుడు ఫోను ఒప్పుకోదు. తెర తాళం అంకెలూ గూగుల్ పాస్‌వర్డూ మార్చింది. వీటితో పాటు `Notification access` అనే జాబితా కూడా చూసుకోవాలి. తెరను చూడకపోయినా, వచ్చే సందేశాల మొదటి వాక్యాలు అక్కడి నుంచి పోతాయి.

స్టేషన్‌లో ఆమెకు ఎదురైన మొదటి ప్రశ్న "మొగుడు చూస్తే తప్పేముంది?" అన్నది. తప్పు ఉంది. స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్, ఇతర ఎలక్ట్రానిక్ సంభాషణల వాడకాన్ని పురుషుడు గమనిస్తూ ఉండటం వెంటాడే నేరమని 2013లో భారత శిక్షాస్మృతిలో చేరిన 354డి సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. మొదటిసారి మూడేళ్ల వరకు శిక్ష. అందులో భర్తకు మినహాయింపు రాసి లేదు. ఈ సెక్షన్ సంఖ్య కాగితం మీద రాసి ఇచ్చాకే ఆమె ఫిర్యాదు తీసుకున్నారు.

కోర్టుల మాట ఇంత తేటగా లేదు. అమెరికాలో తన భార్య తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడిన మాటలను ఆమెకు తెలియకుండా రికార్డు చేసి, విడాకుల కేసులో సాక్ష్యంగా తెచ్చిన భర్త వాదనను మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తోసిపుచ్చింది. 2008 లా రిపోర్టులలో ఆ తీర్పు ఉంది. భార్య ఇతరులతో మాట్లాడే మాటలను చాటుగా వినడం చట్టవిరుద్ధమనీ, ఆమె ఏకాంత హక్కుకు భంగమనీ అందులో అన్నారు. 2025 జూలై 14న సుప్రీంకోర్టు వేరొక కేసులో, భార్యాభర్తలు తమలో తాము మాట్లాడుకున్నది రహస్యంగా రికార్డు చేసినా విడాకుల కేసులో సాక్ష్యంగా చూడవచ్చని చెప్పింది. రెండింటి మధ్య గీత ఎక్కడుందో గమనించాలి. భర్తతో మాట్లాడిన మాట ఒకటి, చెల్లెలికి రాసిన మాట ఇంకొకటి. తెరను చూసే యాప్‌కు ఆ గీత లేదు, అది అన్నిటినీ ఒకే గంపలో వేస్తుంది. ఆ గంపలోంచి తీసిన కాగితాలు రేపు కుటుంబ న్యాయస్థానంలో దాఖలైతే, ఏ యాప్ ద్వారా, ఎవరి అంకెలతో వచ్చాయన్నది అడగమని న్యాయవాదికి ముందే చెప్పాలి. ఆ రోజు అక్క ఫోనులో తీసిన ఫోటోలకు విలువ అక్కడ ఉంది. వాటిలో తేదీ, యాప్ పేరు, అది ప్లే స్టోర్ నుంచి రాలేదన్న వివరం కనిపించేలా తీయడం అందుకే.

ఐఫోన్‌లో ఒక యాప్ ఇంకో యాప్ తెరను ఇలా చదువుతూ కూర్చోలేదు. అక్కడ రికార్డు మనమే మొదలుపెట్టాలి, ఎర్ర గుర్తు వస్తుంది. అందులో చూసుకోవలసింది `Privacy & Security` కింద ఉండే `Safety Check`.

తొలగించిన వారానికి మళ్లీ ఒకసారి `Accessibility` జాబితా చూసుకోమని ఆళ్లగడ్డ సంఘంలో అందరికీ చెప్పాం. ఫోను ఎక్కడైనా బాగుకు ఇచ్చి తెచ్చుకున్న రోజు కూడా చూసుకోవాలి. ఇచ్చేముందు తాళం అంకెలు తాత్కాలికంగా మార్చి, తెచ్చుకున్నాక మళ్లీ మార్చుకోవాలి. ఇంటి నుంచి బయటపడే ఆలోచనలో ఉన్నవాళ్లు మాత్రం ముందు ఫోను ముట్టుకోకుండా, వేరే ఫోను నుంచి 181కి మాట్లాడండి.