అత్త ఫ్లాటు ఎవరిది?

క్రితం సారి ఇండియా వెళ్ళినప్పుడు ఇంట్లో ఒకటే చర్చ. మా మేనత్త పోయి ఏడాది కావస్తోంది. పెళ్ళైన రెండేళ్ళకే మావయ్య పోతే పుట్టింటికొచ్చేసింది. టీచరు ఉద్యోగం చేసి, విజయవాడలో ఫ్లాటు కొనుక్కుంది. పిల్లల్లేరు. వీలునామా రాయలేదు. ముప్పై ఏళ్ళుగా పలకరించని మరిదిగారు ఇప్పుడు ఫ్లాటు తనదంటున్నారు.

"అదెలా కుదురుతుందిరా?" అన్నారు నాన్న. లాయరు గారిని అడిగితే కుదురుతుందన్నారు!

1956 హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షను ప్రకారం స్త్రీ ఆస్తి ముందు భర్తకీ, పిల్లలకీ. వాళ్ళు లేకపోతే భర్త వారసులకి. ఆ తర్వాతే కన్న తల్లిదండ్రులకి. భర్త వారసులంటే, ఆస్తి ఆయనదే అయ్యుంటే ఎవరికి వెళ్ళేదో వాళ్ళు. మావయ్య అమ్మానాన్నలు లేరు, తోడబుట్టినవాడు ఈ మరిది ఒక్కడే. కాబట్టి ఫ్లాటు ఆయనదే. బ్యాంకు డిపాజిట్లకి నాన్న నామినీ. కానీ నామినీ డబ్బు తీసుకోగలడంతే, సొంతదారు కాడు. వారసుడు అడిగితే ఇచ్చేయాలి.

ఒక్క మినహాయింపు ఉంది. తాతయ్య పోయాక అత్త వాటాకి వచ్చిన అర ఎకరం మాత్రం మరిదికి వెళ్ళదు. పిల్లల్లేని స్త్రీకి తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చింది తండ్రి వారసులకే తిరిగి వస్తుంది. అదే పొలం తాతయ్య బతికుండగా పసుపు కుంకుమ కింద గిఫ్టు డీడు రాసిచ్చి ఉంటే? అది వారసత్వం కాదు కనక అదీ మరిదికే!

ఇది మా ఇంటి గొడవే కాదు. నారాయణీదేవి అనే ఆవిడ పెళ్ళైన మూడు నెలలకే భర్తను పోగొట్టుకుంది. అత్తవారు గెంటేశారు. పుట్టింటివారు చదివిస్తే ఉద్యోగం చేసి సంపాదించింది. 2009లో సుప్రీంకోర్టు ఆ సంపాదనంతా భర్త అక్కచెల్లెలి కొడుకులకే చెందుతుందంది. జాలితో చట్టాన్ని మార్చి చదవలేమంది.

కోర్టుని తప్పు పట్టను, తప్పు చట్టానిది. మగవాడు పిల్లల్లేకుండా పోతే అతని భార్యకీ, తల్లికీ వస్తుంది. భార్య తమ్ముడికి మాత్రం ఎప్పుడూ పైసా రాదు. ఆడదాని కష్టార్జితం మాత్రం మరిదికా? స్వార్జితమైతే రెండు వైపుల వారికీ పంచాలని లా కమిషను 2008లోనే చెప్పింది. చట్టం మారలేదు. 2025 నవంబరులో సుప్రీంకోర్టు కూడా మహిళలంతా వీలునామా రాసుకోమని సలహా ఇచ్చింది.

నిజమే, ప్రస్తుతానికి అదే దారి. తెల్లకాగితం మీద ఎవరికేమి ఇస్తున్నదీ రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, వాళ్ళ సంతకాలూ తీసుకుంటే చాలు. స్టాంపు డ్యూటీ లేదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయిస్తే మాత్రం తర్వాత సంతకం మీద పేచీలు తగ్గుతాయి. ఆస్తి పొందేవాళ్ళని సాక్షులుగా పెట్టకపోవడం మంచిది.

ఇక్కడ అమెరికాలో ఉన్నా ఇండియాలో ఉన్న ఇంటికీ పొలానికీ ఆ చట్టమే. మా ఆవిడ పేరున హైదరాబాదులో ఒక ఫ్లాటుంది. ఊరి నుంచి రాగానే ముందు చేసిన పని, ఇద్దరం కూర్చుని వీలునామాలు రాసుకోవడం. అత్త కూడా ఒక్క సాయంత్రం అలా కూర్చుని ఉంటే...