వాన 51, రాబడి 3

అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో సంక్రాంతి ముందు ఒకసారి నిలబడి చూడండి. దిమ్మలు వరసగా పేర్చి ఉంటాయి, రంగు చూసి రేటు పడుతుంది. ఆ రేటు వెనక ఎక్కడో కిందటి జూన్‌లో పడిన వాన ఉంటుంది. ఈ సంగతి చెరకు రైతు ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కానీ అదే ఇంట్లోంచి ఫోన్‌లో షేర్లు కొనే కుర్రాడికి మాత్రం వాన గుర్తుండదు. గ్రాఫ్ పైకి వెళ్తోందా లేదా, అంతే.

2023 ఏప్రిల్‌లో మా మేనల్లుడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. "మావయ్యా, ఒక చక్కెర కంపెనీ షేరు చూశాను. లెక్క కూడా వేశాను. ఏడాదికి పదిన్నర శాతం పైనే వస్తాది. బ్యాంకులో ఏడే కదా ఇచ్చేది?"

చేతిలో ఉన్నది 50,000 రూపాయలు. బెల్లం అమ్మగా మిగిలినవి. మరుసటి ఏడాది జూన్‌లో వాడి చెల్లెలి కాలేజీ ఫీజుకి అవే కట్టాలి. అందుకే కూర్చోబెట్టి అడిగాను, "ఏట్రా లెక్క?"

వాడి లెక్క మరీ తీసిపారేసేది కాదు. వచ్చే ఏడాదికి మూడు పరిస్థితులు రాసుకున్నాడు. వాన తక్కువైతే చెరకు తగ్గుతుంది, మిల్లు సగం రోజులే ఆడుతుంది, షేరు 12 శాతం పడుతుంది. వాన మామూలుగా ఉంటే 14 శాతం లాభం. వాన బాగా ఎక్కువైతే 30 శాతం లాభం. మూడూ కూడి మూడుతో భాగించాడు. 10.67 వచ్చింది. (కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఈ శాతాలు కూడా వాడి ఊహలే, ఎవరూ ప్రకటించినవి కావు. మిల్లులు కర్ణాటకలో ఉన్న కంపెనీ అని మాత్రం గుర్తుంచుకోండి, అక్కడి చెరకుకి వాన బాగా అవసరం.)

తప్పు ఎక్కడుందంటే ఆ 'మూడుతో భాగించడం'లో ఉంది. అలా భాగించావంటే మూడు పరిస్థితులకీ సమాన అవకాశం ఉందని నువ్వు ఒప్పుకున్నట్టే. అది ఎవరు చెప్పారు?

నిజానికి వాన విషయంలో ఇది చెప్పేవాళ్లు ఉన్నారు. భారత వాతావరణ శాఖ ఏటా ఏప్రిల్‌లో నైరుతి రుతుపవనాల మీద అంచనా ఇస్తుంది. పేపర్లో మనం చదివేది ఒక్క అంకె: "సగటులో ఇంత శాతం". ఆ ప్రకటన లోపల చిన్న పట్టిక ఒకటి ఉంటుంది. ఏ రకం వానకి ఎంత అవకాశమో అందులో వేస్తారు. 2023 ఏప్రిల్ 11న ఇచ్చిన పట్టికలో బాగా తక్కువ వానకి 22 శాతం, కొంచెం తక్కువకి 29, సాధారణానికి 35, ఎక్కువకి 11, మరీ ఎక్కువకి 3. కూడితే సరిగ్గా 100. వంద రాకపోతే ఏదో ఒక పరిస్థితిని వదిలేశామనో, రెండుసార్లు లెక్కపెట్టామనో అర్థం, ఆ పట్టికతో ముందుకెళ్లకూడదు.

దాని పక్కనే ఇంకో వరస ఉంటుంది, పాత ఏళ్ల రికార్డు ప్రకారం ఎంత అవకాశమో. అందులో తక్కువ వాన, సాధారణం, ఎక్కువ వాన దాదాపు మూడో వంతు చొప్పున ఉంటాయి. అంటే మావాడు తెలియకుండా వాడింది ఈ వరసే. ఏ ఏడాదో తెలియనప్పుడు అది సరిపోతుంది. కానీ ఆ ఏడాది ఎల్ నినో వస్తుందని అప్పటికే చెప్తున్నారు.

సరే, మేం ఐదింటిని మూడు చేశాం. తక్కువ వాన 51 శాతం, సాధారణం 35, ఎక్కువ 14. ఇప్పుడు ప్రతి రాబడిని దాని అవకాశంతో గుణించాలి. మైనస్ 12ని 0.51తో గుణిస్తే మైనస్ 6.12. 14ని 0.35తో గుణిస్తే 4.90. 30ని 0.14తో గుణిస్తే 4.20. మూడూ కూడితే 2.98. దీన్నే అంచనా రాబడి అంటారు, ఎక్స్‌పెక్టెడ్ రిటర్న్.

షేరు అదే. ఏ వానకి ఎంత వస్తుందన్న ఊహలూ అవే. అవకాశాలు మార్చేసరికి 10.67 కాస్తా 3కి దిగింది. బ్యాంకు 7 దీనికంటే మేలైపోయింది.

మావాడి ముఖం చూడాలి. "అంటే మూడు శాతమే వస్తాదా?" కాదు. మూడు శాతం అన్నది ఆ పట్టికలో ఎక్కడా లేదు చూడండి. వస్తే మైనస్ 12, లేదా 14, లేదా 30. ఇలాంటి ఏడాదే వంద సార్లు వస్తే సగటున ఏడాదికి మూడు పడుతుందని దాని అర్థం. మనకి దొరికేది ఒక్క ఏడాదే. అందుకే రెండో అంకె కావాలి: అసలు వచ్చేది ఈ మూడుకి ఎంత దూరంలో పడొచ్చు?

దూరాలు తీయండి. 2.98ని 3 అనుకుందాం. మైనస్ 12 నుంచి 3కి దూరం మైనస్ 15. 14కి దూరం 11. 30కి దూరం 27. వీటిని ఉన్నవి ఉన్నట్టు అవకాశాలతో గుణించి కూడితే ఎప్పుడూ సున్నాయే వస్తుంది, పైవీ కిందవీ కొట్టేసుకుంటాయి. అందుకని ముందు వర్గం చేస్తాం: 225, 121, 729. ఇప్పుడు మళ్లీ అవకాశాలతో గుణించాలి. చాలామంది మర్చిపోయేది ఈ మెట్టే. 114.75, 42.35, 102.06 వచ్చాయి. కూడితే 259 చిల్లర. ఇది వర్గాల్లో ఉంది కాబట్టి మనకి నేరుగా అర్థం కాదు, వర్గమూలం తీస్తే 16.1 శాతం. అదీ స్టాండర్డ్ డీవియేషన్, ప్రామాణిక విచలనం.

మూడు శాతం ఆశకి పదహారు శాతం ఊగిసలాట. వాడి పాత లెక్కకి, అంటే సమాన అవకాశాలకి కూడా ఇదే తీసి చూశాం. 17.3 వచ్చింది. నాకు ఆసక్తిగా అనిపించింది ఇదే. రిస్కు దాదాపు అంతే ఉంది, దానికి దొరికే కూలి మాత్రం మూడో వంతు కంటే తగ్గిపోయింది.

ఫోన్‌లో షీట్ తెరిచి ఇది చేసేవాళ్లకి ఒక మాట. మావాడు మూడు రాబడులూ టైప్ చేసి `STDEV` కొట్టాడు. 21.2 చూపించింది. ఆ ఫార్ములాకి అవకాశాల సంగతి తెలియదు. పైగా అది జరిగిపోయిన ఏళ్ల శాంపిల్‌కి పెట్టింది, మూడుతో కాకుండా రెండుతో భాగిస్తుంది. మన పనికి రాదు. B2 నుంచి B4 వరకు అవకాశాలు (0.51 అలా), C2 నుంచి C4 వరకు రాబడులు పెట్టుకుని C6లో మొదటిది, C7లో రెండోది రాయండి:

```
=SUMPRODUCT(B2:B4, C2:C4)
=SQRT(SUMPRODUCT(B2:B4, (C2:C4-C6)^2))
```

ఇంతవరకు లెక్క బాగానే ఉంది. తర్వాత ఏం జరిగిందో చూస్తే నా చెవులు నేనే మెలేసుకోవాలి.

2023లో వాన నిజంగానే తగ్గింది. ఆగస్టు అయితే 1901 నుంచి ఉన్న రికార్డులో దేశంలో అతి పొడి ఆగస్టు. నాలుగు నెలలూ కలిపి సగటులో 94 శాతం. మా పట్టికలో 51 పెట్టిన గడిలోనే పడింది. కానీ ఆ గడిలో మేం రాసుకున్న కథ వేరే: వాన తగ్గితే చెరకు తగ్గుతుంది, షేరు పడుతుంది. చెరకు తగ్గుతుందంటే చక్కెర ధర పెరుగుతుందన్నది ఆలోచించలేదు. సరుకు తక్కువొచ్చిన రోజు దిమ్మకి రేటు లేస్తుందని బెల్లం మార్కెట్ పక్కన పుట్టినవాళ్లం, ఆ మాత్రం తట్టలేదు! ఆ నవంబరుకి ప్రపంచ మార్కెట్లో చక్కెర ధర 2011 తర్వాత ఎప్పుడూ లేనంత పైకి వెళ్లింది.

ధర పెరిగితే మిల్లుకి మంచిదే కదా అనుకునేలోపు 2023 డిసెంబరు 7న కేంద్రం ఆర్డరు వేసింది. చెరకు రసం, సిరప్ నుంచి నేరుగా ఇథనాల్ చేయకూడదు, ముందు దేశానికి చక్కెర కావాలని. ఇథనాల్ మీద కోట్లు పెట్టిన కంపెనీల షేర్లు ఆ రోజు పడ్డాయి. వారం తర్వాత కొంత పరిమితితో సడలించారు, అది వేరే విషయం.

కాబట్టి 'వాన తక్కువ' అన్నది ఒక్క గడి కాదు. అందులో రెండున్నాయి. ధర పెరిగి సర్కారు ఊరుకోవడం ఒకటి, సర్కారు చెయ్యి పెట్టడం రెండోది. మేం ఆ 51ని చీల్చి మళ్లీ లెక్క వేశాం. సర్కారు ఊరుకుంటే 34 శాతం అవకాశం, 3 శాతం లాభం. ఆంక్షలొస్తే 17 శాతం అవకాశం, 42 శాతం నష్టం. ఈ అంకెలు కావాలనే అలా ఎంచాను, రెండూ కలిపి సగటు తీస్తే పాత మైనస్ 12 వస్తుంది. మిగతా రెండు గడులూ ముట్టుకోలేదు.

అంచనా రాబడి కదల్లేదు, అదే 2.98. విచలనం మళ్లీ తీద్దాం. లాభం 3కి దూరం సున్నా, అది ఏమీ కలపదు. మైనస్ 42కి దూరం మైనస్ 45, వర్గం 2025, దాన్ని 0.17తో గుణిస్తే 344.25. పాత 42.35, 102.06 కలిపితే 488.66. వర్గమూలం 22.1.

పదహారు కాస్తా ఇరవై రెండయింది. కొత్తగా ప్రమాదమేమీ పుట్టలేదు. అంతకుముందు రెండు వేర్వేరు కథల్ని ఒక గడిలో సగటు చేసి కుదించాం, ఆ సగటు కింద మైనస్ 42 కనబడకుండా పోయింది. మీ పట్టికలో ఏదైనా గడి చూసి "ఇది ఒకే కారణంతో జరుగుతుందా, రెండు దారులున్నాయా?" అని అడిగితే ఇది దొరుకుతుంది. విచలనం మరీ చిన్నగా వచ్చిందంటే షేరు నెమ్మదస్తురాలని అప్పుడే నమ్మకండి, గడులు తక్కువై ఉండొచ్చు.

మావాడు ఏప్రిల్‌లో ఏం చేశాడో చెప్పలేదు కదూ. రెండో లెక్క అప్పటికి మా దగ్గర లేదు, 3 కి 16 మాత్రమే ఉంది. ఆ రెండంకెలూ చూసి 40,000 బ్యాంకులో వేశాడు, 10,000తో షేరు కొన్నాడు. "ఇది పోయినా ఫీజుకి తక్కువ పడేది పదివేలే, నేనే సర్దుతాను" అన్నాడు. డిసెంబరు 7 రాత్రి ఫోన్ చేసి మొదట అడిగింది షేరు గురించి కాదు. "మావయ్యా, ఆ 51ని అప్పుడే ఎందుకు చీల్చలేదు మనం?"